సీసాలో కట్టేసిన క్లోరిన్

బ్లీచ్‌తో పాటు టాయిలెట్ క్లీనర్ కూడా పోస్తే రెట్టింపు శుభ్రమవుతుంది కదా, ఎందుకు వద్దంటారు? ఈ ప్రశ్నకు జవాబు తయారీదారు ఇచ్చే భద్రతా సమాచార పత్రంలోనే ఉంటుంది. ఆ పత్రంలో పదహారు విభాగాలు. చాలామంది రెండో విభాగంలోని ప్రమాద చిహ్నాలు చూసి మూసేస్తారు. బ్లీచ్ పత్రాన్ని మాత్రం పదో విభాగం నుంచి చదవాలి. ఈ పదార్థం వేటితో కలిస్తే ఏమవుతుందో చెప్పేది అదే. యూరప్ పత్రాల్లో EUH031 అనే సంకేతం పక్కన ఒక వాక్యం కనిపిస్తుంది: ఆమ్లాలు తగిలితే విషవాయువు వెలువడుతుంది. మిగతా పత్రంలో సగానికి సగం ఈ వాక్యానికి వ్యాఖ్యానమే.

ఇళ్లలో వాడే ద్రవ బ్లీచ్ అంటే నీటిలో సుమారు 3 నుంచి 6 శాతం సోడియం హైపోక్లోరైట్. దీన్ని తయారుచేసే పద్ధతి చూస్తే సగం సంగతి అర్థమైపోతుంది. కాస్టిక్ సోడా ద్రావణంలోకి క్లోరిన్ వాయువును పంపుతారు. క్షారం ఆ వాయువును పట్టుకుని ద్రవంలో కట్టేస్తుంది. ఆ కట్టు విప్పేది ఆమ్లం:

NaOCl + 2HCl → Cl₂ + NaCl + H₂O

టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది ఈ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. అంటే ఆ రెండు సీసాలూ ఒకచోట పోయడమంటే క్లోరిన్ ఫ్యాక్టరీలో జరిగిన పనిని వెనక్కి నడిపించడమే.

ఈ కట్టు ఎంత గట్టిదో పీహెచ్ చెబుతుంది. సీసాలోని బ్లీచ్ పీహెచ్ 11 నుంచి 13 మధ్య ఉంటుంది. అక్కడ దాదాపు అంతా హైపోక్లోరైట్ అయాన్‌గానే ఉంటుంది. పీహెచ్ సుమారు 7.5కి దిగేసరికి అందులో సగం హైపోక్లోరస్ ఆమ్లంగా మారుతుంది. ఇంకా దిగి 4 లోపుకి వస్తే క్లోరిన్ వాయువు గట్టిగా బయటపడటం మొదలవుతుంది. సూక్ష్మజీవులను చంపడంలో హైపోక్లోరస్ ఆమ్లం అయాన్ కన్నా ఎన్నో రెట్లు చురుకైనది. 'కాస్త వినెగర్ కలిపితే బ్లీచ్ బాగా పనిచేస్తుంది' అనే చిట్కా ఇక్కడినుంచే పుట్టింది. అందులో సగం నిజముంది, మిగతా సగమే ప్రాణం మీదికి తెస్తుంది. పీహెచ్ ఎక్కడ ఆగిందో బకెట్లోకి చూస్తే తెలియదు. నాలుగు చుక్కలు ఎక్కువైతే మందు కాస్తా వాయువైపోతుంది. ఉత్త నీళ్లతో పలుచన చేసినా పీహెచ్ కొంత దిగుతుంది, అయినా క్లోరిన్ వచ్చే చోటికి చాలా దూరంలోనే ఆగిపోతుంది. అందుకే పలుచన చేయడానికి నీళ్లు తప్ప మరేదీ వాడకూడదు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. 5 శాతం బ్లీచ్ 100 మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో హైపోక్లోరైట్ సుమారు 5 గ్రాములు. దాన్నంతా మార్చడానికి 10 శాతం ఆమ్లమున్న క్లీనర్ దాదాపు 50 మిల్లీలీటర్లు చాలు. వచ్చే క్లోరిన్ 4.8 గ్రాములు, అంటే సుమారు 1.6 లీటర్ల వాయువు. స్నానాలగది కొలతలు 2 మీటర్లు, 1.5 మీటర్లు, 2.5 మీటర్లు అనుకోండి, అందులో పట్టే గాలి 7,500 లీటర్లు. వాయువంతా గదిలో సమంగా పరుచుకుంటే పది లక్షల పాళ్లలో సుమారు 220 పాళ్లు. ప్రాణానికి తక్షణ ప్రమాదమని అమెరికా వృత్తి భద్రతా సంస్థ పెట్టిన హద్దు 10 పాళ్లు. కొంత వాయువు నీళ్లలోనే ఉండిపోతుంది కాబట్టి పదో వంతే బయటికొచ్చిందనుకున్నా 22 పాళ్లు, హద్దుకు రెట్టింపు పైనే. పైగా అది సమంగా పరుచుకోదు. క్లోరిన్ గాలికన్నా సుమారు రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేలబారున పేరుకుంటుంది. నేల తోమడానికి వంగిన మనిషి ముఖం సరిగ్గా అక్కడే ఉంటుంది.

కలిపిన సంగతి ముక్కుకే ముందు తెలుస్తుంది. బ్లీచ్‌కు మామూలుగా ఉండే వాసన ఒక్కసారిగా ఘాటెక్కి, కళ్లు మండి, గొంతు పట్టేస్తుంది. అప్పుడు నీళ్లు పోసి కడిగేద్దామని అక్కడే నిలబడకూడదు. తలుపు తెరిచి బయటికి రావాలి, గదిలోకి ఎవరినీ వెళ్లనివ్వకూడదు. తడిగా ఉన్న ఊపిరితిత్తుల పొరల్లో క్లోరిన్ కరిగి ఆమ్లాలుగా మారి వాటిని కాలుస్తుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తరువాత కూడా మొదలవ్వచ్చు. కాబట్టి గట్టిగా పీల్చిన మనిషి 'ఇప్పుడు బాగానే ఉంది' అన్నా దగ్గు, ఆయాసం, ఛాతీ బిగుతు ఉంటే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కలిస్తే క్లోరమైన్లనే మరో ఘాటు వాయువులు వస్తాయి. మూత్రం పేరుకున్న చోట చిక్కటి బ్లీచ్ పోసినప్పుడు వచ్చే మంట కొంతవరకు వీటివల్లే. ముందు నీళ్లు, తరువాత బ్లీచ్.

ప్రథమ చికిత్సలో కూడా ఆమ్లం జోలికి పోకూడదు. బ్లీచ్ చేతికి అంటితే జారుడుగా అనిపిస్తుంది. అది చర్మం మీది కొవ్వు క్షారంతో కలిసి సబ్బుగా మారుతున్న గుర్తు. ఆ జారుడు పోయేదాకా నీళ్లతో కడగాలి, తడిసిన బట్టలు తీసేయాలి. కంట్లో పడితే కాంటాక్ట్ లెన్సులుంటే తీసి, రెప్పలు తెరిచిపట్టి 15 నుంచి 20 నిమిషాలు నీళ్లు ధారగా పోయాలి, తరువాత కంటి వైద్యుడికి చూపించాలి. ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు. ఒకసారి కాలిన అన్నవాహికను అది తిరుగుదారిలో మళ్లీ కాలుస్తుంది. క్షారానికి విరుగుడని నిమ్మరసమో వినెగరో పట్టించే వాళ్లుంటారు. కడుపులో ఇప్పటికే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంది, పై సమీకరణం అక్కడా వర్తిస్తుంది. నోరు పుక్కిలించి ఉమ్మించి, సీసా చేత పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి.

వాడకానికి ఒక్క కొలత గుర్తుంటే చాలు. 5 శాతం బ్లీచ్ ఒక వంతుకు 49 వంతుల నీళ్లు, అంటే 20 మిల్లీలీటర్లకు 980. అది 0.1 శాతం. నేలలకు, బల్లలకు మామూలుగా ఇది సరిపోతుంది. నీళ్లు చల్లవే కావాలి, వేడికి హైపోక్లోరైట్ విడిపోతుంది. ముందు సబ్బుతో కడిగి, ఆ మురికి తీసేశాకే బ్లీచ్ పూయాలి. లేదంటే అది క్రిములను వదిలేసి మురికితోనే ఖర్చయిపోతుంది. కలిపింది ఆ రోజే వాడెయ్యాలి.

సీసాలో ఉన్నది కూడా నిలకడగా ఉండదు. నెమ్మదిగా ఉప్పుగా, క్లోరేట్‌గా మారుతుంది, కొంత ఆక్సిజన్ వదులుతుంది. నిల్వ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలా విడిపోవడం దాదాపు మూడు నాలుగు రెట్లు వేగమవుతుంది. రాగి, నికెల్ లాంటి లోహాలు దాన్ని ఇంకా తొందరపెడతాయి. కొన్ని సీసాల మూతలకు గాలి పోయే ఏర్పాటు ఉండేది ఆ ఆక్సిజన్ కోసమే. అందుకే బ్లీచ్‌ను లోహపు డబ్బాలోకి గానీ, బిగుతు మూతున్న నీళ్ల సీసాలోకి గానీ మార్చకూడదు. నీళ్ల సీసాకు రెండో ప్రమాదం ఉంది: ఎవరో తాగేస్తారు.

ఒలికితే చేతి తొడుగులు వేసుకుని ఇసుకతో అద్ది తీయాలి. రంపపు పొట్టు పనికిరాదు, అది హైపోక్లోరైట్‌తో చర్య జరిపి వేడెక్కుతుంది. పారవేయడానికి, మిగిలిన పలుచని ద్రావణాన్ని కుళాయి తిప్పి బాగా నీళ్లతో డ్రైనేజీలోకి వదలొచ్చు. చెరువులోకీ కాలువలోకీ మాత్రం కాదు, చేపలకు ఇది చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. లీటర్ల కొద్దీ చిక్కటి పాత బ్లీచ్ ఉంటే ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే వారికే ఇవ్వాలి. టాయిలెట్‌లో పోసేముందు కుండీలో నిలిచిన నీళ్ల సంగతి చూడాలి. రాత్రి పోసి వదిలేసిన క్లీనర్ అందులో ఇంకా ఉండొచ్చు. ముందు రెండుసార్లు ఫ్లష్ చేసి, తరువాతే పోయాలి.