పాత పోస్టు ఎక్కడి దాకా కనిపిస్తుంది, అడ్మిన్ డిలీట్ చేస్తే మన ఫోన్‌లోంచి కూడా ఎందుకు పోతుంది

మా తమ్ముడు గ్రూప్-2 కి ప్రిపేర్ అవుతున్నాడు. పోయిన నెల ఒక టెలిగ్రామ్ ఛానల్‌లో చేరాడు, చేరిన అరగంటకే ఫోన్ చేసి అన్నయ్యా ఇందులో 2019 నాటి నోట్స్ కూడా ఉన్నాయి, పైకి లాగుతుంటే వస్తూనే ఉన్నాయి అన్నాడు. అదే వారం మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగిన వాళ్ళు వాట్సాప్ కమ్యూనిటీలో చేరి, ముందు పెట్టిన మంచినీళ్ళ టైమింగ్స్ మాకు కనిపించట్లేదండి, మళ్ళీ పెట్టండి అని అడిగారు. రెండూ అనౌన్స్‌మెంట్లే, రెండు చోట్లా అడ్మిన్ మాత్రమే రాయగలడు, మరి ఒకచోట ఐదారేళ్ళ చరిత్ర ఉండి ఇంకోచోట నిన్నటిది కూడా లేకపోవడం ఏంటి? దీనికి జవాబు దొరికితే డిలీట్ సంగతి కూడా దానంతటదే అర్థమవుతుంది, ఎందుకంటే రెండింటికీ మూలం ఒకటే. పోస్టు కాపీ ఎక్కడ ఉంది, ఎన్ని కాపీలు ఉన్నాయి అన్నదే ఆ మూలం.

ఊళ్ళో టముకు వేయడం గుర్తుందా. డప్పు కొట్టి చెప్పినప్పుడు ఊళ్ళో ఉన్నవాడికి వినపడింది, మర్నాడు ఊరికి వచ్చినవాడికి వినపడదు. పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించిన నోటీసు అలా కాదు, ఎప్పుడొచ్చినా నిలబడి చదువుకోవచ్చు. వాట్సాప్ గ్రూపు టముకు లాంటిది, టెలిగ్రామ్ ఛానల్ గోడ మీద నోటీసు లాంటిది.

టెలిగ్రామ్ ఛానల్స్ 2015 సెప్టెంబర్‌లో వచ్చాయి. ఛానల్‌లో అడ్మిన్ పోస్టు పెట్టగానే అది కంపెనీ సర్వర్‌లో ఒక్క చోట దాచబడుతుంది, లక్షమంది సబ్‌స్క్రైబర్లు ఉన్నా లక్ష కాపీలు తయారవ్వవు. మన ఫోన్‌లో కనిపించేది ఆ ఒక్క కాపీని చూసి తెచ్చుకున్న తాత్కాలిక నకలు మాత్రమే. కాబట్టి ఈరోజు చేరినవాడికైనా, ఛానల్ పుట్టిన రోజు చేరినవాడికైనా చూపించేది అదే గోడ, మొదటి పోస్టు దాకా వెళ్ళొచ్చు, మధ్యలో అడ్మిన్ తీసేసినవి తప్ప.

ప్రతి పోస్టుకీ ఆ ఛానల్ వరకు ఒక వరుస నంబర్ ఉంటుంది. పోస్టు లింక్ కాపీ చేస్తే చివర్లో ఆ నంబర్ కనిపిస్తుంది. ఒక్కో మనిషికి ఒక్కో నంబర్ ఉండదు, అందరికీ అదే నంబర్, నేను మీకు లింక్ పంపితే మీకు కూడా అదే పోస్టు తెరుచుకోవడానికి కారణం ఇదే. ఇద్దరి మధ్య ప్రైవేట్ చాట్‌లో అలా కాదు, అక్కడ ఎవరి పెట్టెలో వాళ్ళకి వేరే కాపీ, వేరే నంబర్. అందుకే ప్రైవేట్ చాట్‌లో డిలీట్ నొక్కితే అవతలివాళ్ళకి కూడా తీసెయ్యాలా అని ఒక టిక్ అడుగుతుంది. ఛానల్‌లో అడ్మిన్ డిలీట్ నొక్కితే ఆ ప్రశ్నే రాదు. రావడానికి అక్కడ రెండో కాపీ ఉంటే కదా. ఈ ఒక్క తేడా గమనించాకే నాకు ఈ విషయం మొత్తం విడిపోయినట్టు అనిపించింది.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. అడ్మిన్ 412వ పోస్టుగా తప్పు హాల్‌టికెట్ తేదీ పెట్టాడు, పది నిమిషాలకి తెలుసుకుని తీసేశాడు, సరైనది 413గా పెట్టాడు. సర్వర్‌లో 412 పోయింది. యాప్ తెరిచి ఉన్నవాళ్ళ ఫోన్లకి 412ని చెరిపెయ్యండి అని ఒక చిన్న సమాచారం వెళ్తుంది, స్క్రీన్ మీంచి మాయమైపోతుంది. మీ ఫోన్ ఆ టైమ్‌కి స్విచాఫ్‌లో ఉంటే? రెండ్రోజుల తర్వాత ఆన్ చేసినప్పుడు యాప్ సర్వర్‌ని అడుగుతుంది, నేను ఫలానా చోట ఆగాను, ఆ తర్వాత ఏమేం మారాయి అని. ప్రతి ఛానల్‌కీ మార్పులు లెక్కపెట్టే ఒక కౌంటర్ ఉంటుంది, దాన్ని బట్టి సర్వర్ మధ్యలో జరిగినవన్నీ చెప్తుంది, అందులో 412 డిలీట్ కూడా ఉంటుంది. మరీ ఎక్కువ రోజులు గ్యాప్ వస్తే ఒక్కొక్కటీ చెప్పకుండా మళ్ళీ కొత్తగా తెచ్చుకో అంటుంది, అప్పుడు ఎలాగూ 412 ఉండదు.

డిలీట్ జరిగిందని బయటివాళ్ళకి తెలుస్తుందా? స్క్రీన్ మీద ఏ గుర్తూ ఉండదు, కానీ లింకులు చూస్తే ఇలా కనిపిస్తాయి:

```
t.me/<ఛానల్ పేరు>/411
t.me/<ఛానల్ పేరు>/413
```

మధ్యలో 412 లేదు, ఆ నంబర్ మళ్ళీ ఇంకో పోస్టుకి ఇవ్వరు. అయితే నంబర్ తప్పిపోయింది కదా అని డిలీట్ చేశారని గట్టిగా అనకూడదు. నాలుగు ఫొటోల ఆల్బమ్ పెడితే నాలుగు నంబర్లు పడతాయి, ఛానల్ ఫొటో మార్చినా ఒక నంబర్ పడుతుంది. పక్క పోస్టులు చూసి ఆలోచించాలి. అడ్మిన్లకి మాత్రం రీసెంట్ యాక్షన్స్ అనే చోట ఎవరు ఏది తీసేశారో 48 గంటల పాటు కనిపిస్తుంది, ఆ తర్వాత అదీ పోతుంది.

ఇక వాట్సాప్ వైపు. కమ్యూనిటీలు 2022 నవంబర్‌లో వచ్చాయి, అందులో అనౌన్స్‌మెంట్స్ కూడా మామూలు గ్రూపు లాగే ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో వెళ్తాయి, అంటే మెసేజ్ తాళం వేసి పంపుతారు, తాళంచెవి అప్పటికి మెంబర్లుగా ఉన్నవాళ్ళ ఫోన్ల దగ్గరే ఉంటుంది. మెసేజ్ అందాక సర్వర్ దాన్ని ఉంచుకోదు, అందకపోతే 30 రోజులు దాచి తర్వాత తీసేస్తుంది. అంటే మా అపార్ట్‌మెంట్ వాళ్ళకి పాతవి చూపించడానికి సర్వర్ దగ్గర చదవగలిగే కాపీ లేదు. చూపించాలంటే ఆల్రెడీ ఉన్నవాళ్ళ ఫోన్‌లోంచి ఎవరో మళ్ళీ పంపాల్సిందే.

అక్కడ డిలీట్ కూడా వేరేలా పనిచేస్తుంది. అది నిజానికి ఇంకో మెసేజ్, ఫలానాది చెరిపెయ్ అని ప్రతి ఫోన్‌కీ వెళ్ళే ఆదేశం, ప్రతి ఫోనూ తన దగ్గరున్న కాపీని తానే తీసేస్తుంది, అందుకే ఈ మెసేజ్ డిలీట్ చేయబడింది అనే చోటు ఖాళీగా మిగులుతుంది. దానికి గడువు కూడా ఉంది, 2017లో 7 నిమిషాలు ఉండేది, 2018లో గంట పైన అయింది, 2022లో 2 రోజుల 12 గంటలు చేశారు.

వాట్సాప్‌లోనే ఛానల్స్ అనేవి 2023లో వచ్చాయి, మన దేశంలో ఆ సెప్టెంబర్‌లో. అవి కమ్యూనిటీలా కాదు, గోడ పద్ధతే, మామూలుగా ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉండదు, పోస్టులు సర్వర్‌లో ఉంటాయి. కానీ గోడ మీద నోటీసు 30 రోజుల దాకా మాత్రమే సర్వర్‌లో ఉంచుతామని ప్రకటించేటప్పుడే చెప్పారు, టెలిగ్రామ్‌లా ఏళ్ళ తరబడి వెనక్కి వెళ్ళడానికి అందుకే కుదరదు.

ఇంత చెప్పాక తమ్ముడు అడిగింది ఒకటే, మరి నాకు కావాల్సిన నోట్స్ పోకుండా ఎలా ఉంచుకోవాలి అని. టెలిగ్రామ్‌లో పోస్టుని సేవ్డ్ మెసేజెస్‌కి ఫార్వార్డ్ చేస్తే అది వేరే కాపీ, దానికి వేరే నంబర్, అడ్మిన్ అసలుది తీసేసినా ఇది ఉంటుంది, ఏ ఛానల్ నించి వచ్చిందో పేరు కూడా పైన అలాగే ఉంటుంది, దాన్ని నొక్కి అసలు పోస్టుకి వెళ్దామనుకుంటే మాత్రం అది దొరకదు. ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న పీడీఎఫ్, గ్యాలరీలోకి దించుకున్న ఫొటో కూడా డిలీట్‌కి అందవు. కాకపోతే 2021 డిసెంబర్ నించి అడ్మిన్ ఫార్వార్డ్, సేవ్ రెండూ ఆపేసే వీలుంది, అలా ఆపిన ఛానల్ అయితే ముఖ్యమైనవి చేత్తో నోట్‌బుక్‌లో ఎక్కించుకోరా అన్నాను, వాడు ఆ రాత్రే మొదలుపెట్టాడు.