చప్పుడు తగ్గితే జబ్బు తగ్గినట్టేనా? క్రూప్, బ్రాంకియోలైటిస్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఊపిరిలో చప్పుడు ఎంత ఎక్కువగా ఉంటే ప్రమాదం అంత ఎక్కువ, చప్పుడు తగ్గితే బిడ్డ కోలుకున్నట్టే.

వాస్తవం: పిల్లల వార్డులో నేను పదేపదే వినే మాటల్లో ఎక్కువ నష్టం చేసేది ఇదే. గాలి ఎక్కడ ఇరుకుగా వెళుతోందో చప్పుడు చెబుతుంది గానీ, బిడ్డ ఎంత అలసిపోయిందో చెప్పదు. క్రూప్‌లో స్వరపేటికకు కింద వాపు వస్తుంది కాబట్టి, ఎక్కువగా 6 నెలల నుంచి 3 ఏళ్ల వయసు పిల్లలు రాత్రిపూట ఉన్నట్టుండి లేచి కుక్క మొరిగినట్టు దగ్గుతారు, గొంతు బొంగురుపోతుంది, గాలి లోపలికి పీల్చేటప్పుడు స్ట్రైడర్ అనే గరుకు శబ్దం వినిపిస్తుంది. బ్రాంకియోలైటిస్‌లో వాపు ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాల్లో ఉంటుంది కాబట్టి, గాలి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తాయి. ఇది ముఖ్యంగా ఏడాదిలోపు పసిపిల్లల జబ్బు.

ఒకసారి నాలుగు నెలల పాపను తీసుకొచ్చారు. జలుబు మొదలై నాలుగో రోజు. "నిన్నటిదాకా పిల్లికూతలు ఉండేవండీ, ఇవాళ లేవు, హాయిగా నిద్రపోతోంది" అని అమ్మమ్మ ఊరటగా చెప్పారు. చొక్కా పైకెత్తి చూస్తే ప్రతి ఊపిరికీ డొక్కలు లోపలికి పోతున్నాయి. నిమిషానికి 68 సార్లు ఊపిరి తీస్తోంది, రక్తంలో ఆక్సిజన్ 87 శాతానికి పడిపోయింది, ఉదయం నుంచి పాలు సగం కూడా తాగలేదు. అది నిద్ర కాదు, నీరసం. గాలి ఆడటమే తగ్గిపోవడంతో కూతలు వినిపించలేదు. ఆక్సిజన్ పెట్టి, ముక్కు గొట్టం ద్వారా పాలు పట్టాక పాప కోలుకుంది. ఆ పెద్దావిడ తప్పేమీ లేదు, ఆమెకు చెవులతో వినమనే చెప్పారు గానీ, డొక్కలు చూడమని ఎవరూ చెప్పలేదు.

బ్రాంకియోలైటిస్ సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల మధ్య ముదురుతుంది. ఆ రోజుల్లో పాలు సగానికి తగ్గినా, 12 గంటలుగా మూత్రం పోయకున్నా, మూలుగుతున్నా, డొక్కలు బాగా ఎగరేస్తున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఊపిరి మధ్యమధ్యలో ఆగినా, పెదవులు నీలంగా మారినా, లేపినా లేవకున్నా క్షణం ఆగకూడదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను, గుండెజబ్బు ఉన్నవారిని ఇంకా ముందే చూపించాలి.

క్రూప్‌లో ఏడ్చినప్పుడు మాత్రమే స్ట్రైడర్ వచ్చే బిడ్డకు చాలాసార్లు డాక్టరు ఇచ్చే ఒక్క మోతాదు డెక్సామెథసోన్ అనే వాపు తగ్గించే మందు సరిపోతుంది. ఒళ్లో ప్రశాంతంగా ఉన్నా స్ట్రైడర్ వినిపిస్తుంటే ఆసుపత్రి తప్పదు. అక్కడ అడ్రినలిన్ మందును నెబ్యులైజర్‌తో పీల్పించవలసి వస్తే, దాని ప్రభావం కాసేపే కాబట్టి, కొన్ని గంటలు కనిపెట్టి ఉండాలి. తీవ్ర జ్వరంతో చొంగ కారుతూ, మింగలేకపోతుంటే అది క్రూప్ కాకపోవచ్చు. గొంతులోకి చూడకుండా, బిడ్డను ఏడిపించకుండా వెంటనే తీసుకెళ్లండి.

అపోహ: ఆవిరి పడితే క్రూప్ తగ్గుతుంది.

వాస్తవం: తగ్గదు; వేడినీళ్లతో ఒళ్లు కాలే ప్రమాదం మాత్రం ఉంది.

అపోహ: పిల్లికూతలంటే ఆస్తమా మందుతో నెబ్యులైజర్ పెట్టాల్సిందే.

వాస్తవం: బ్రాంకియోలైటిస్‌లో గొట్టాలు ఇరుకయ్యేది ప్రధానంగా వాపు, కఫం వల్ల కాబట్టి సాల్బుటమాల్ అనే ఆ ఆస్తమా మందు సాధారణంగా పనిచేయదు. క్రూప్, బ్రాంకియోలైటిస్ రెండింటికీ కారణం వైరస్‌లే, అందుకని యాంటీబయాటిక్ అడగవద్దు.