రైల్లో కిబ్లా ఎటు?

పిల్లలకు దాదా సలాం.

ఢిల్లీ వెళ్తూ రైల్లో సాయంకాలపు అసర్ నమాజు చదువుతుంటే రైలు మలుపు తిరిగిందనీ, కిబ్లా, అంటే నమాజులో మనం తిరగాల్సిన మక్కాలోని కాబా దిక్కు, తప్పిందని టెన్షన్ పడ్డారనీ మీ అమ్మ చెప్పింది. నమాజు పోలేదు. మలుపు తెలిస్తే, వీలుంటే, నిలబడ్డచోటే తిరగాలి. శాయశక్తులా వెతికి ఒక వైపు నిలబడ్డాక అది తప్పని తర్వాత తెలిసినా ఆ నమాజు చెల్లుతుంది. అసలు వెతకకుండా నిలబడితేనే చిక్కు.

మనవాళ్లు కిబ్లా అంటే పడమర అనేస్తారు. హైదరాబాద్ నుంచి కాబా సరిగ్గా పడమర కాదు, అక్కడినుంచి ఉత్తరం వైపు 13 డిగ్రీలు జరిగి ఉంటుంది. ఢిల్లీ చేరేసరికి పడమరకు కాస్త దక్షిణంగా, మూడు డిగ్రీల దాకా వస్తుంది. ఈ తేడాకి భయపడక్కర్లేదు. దూరాన ఉన్నవాళ్లకు అటూ ఇటూ 45 డిగ్రీల దాకా సడలింపు ఉందని మన హనఫీ పండితులు చెప్పారు.

అలాగని సూర్యుడు అస్తమించే చోటునే నమ్ముకోకండి. డిసెంబరులో మన ఊళ్లో పొద్దు పడమరకు ఎడమగా 24 డిగ్రీల దూరంలో గుంకుతుంది. కాబా కుడివైపు 13. మొత్తం 37, అంటే సడలింపు అంచుకి వచ్చేసినట్టే. రాత్రయితే ధ్రువనక్షత్రం మీ కుడి భుజం వైపు ఉండేలా నిలబడి, హైదరాబాద్‌లోనైతే కొంచెం కుడికి తిరగండి.

ఫోన్‌లో దిక్సూచి మంచిదే, కానీ రైలు పెట్టె నిండా ఇనుమే. ఫోన్ కవర్‌కి అయస్కాంతం ఉంటే ఇంకా అన్యాయం. రెండడుగులు జరిగి మళ్లీ చూడండి, ముల్లు వేరే వైపు చూపిస్తే దాన్ని నమ్మొద్దు. అప్పుడు మ్యాప్ తెరిచి పట్టాలు ఎటు పోతున్నాయో చూడండి. బండి ఉత్తరానికి పోతుంటే పడమర మీ ఎడమ కిటికీ వైపు.

మరి అల్లా అన్నిచోట్లా ఉంటే ఒకే దిక్కెందుకని చిన్నది అడిగిందట. మనం కాబాను పూజించం. మదీనాకు వచ్చాక ప్రవక్త 16, 17 నెలలు జెరూసలేం వైపే నమాజు చదివారు. 624లో కాబా వైపు తిరగమని ఆజ్ఞ వచ్చింది. మదీనా దగ్గరి ఖుబాలో నమాజులో ఉన్నవాళ్లు కబురు వినగానే ఉన్నచోటే తిరిగిపోయారు. మక్కాలో కాబా చుట్టూ వరసలు గుండ్రంగా ఉంటాయి కదా, మన మసీదులోని వరస కూడా ఆ వలయంలోని చిన్న ముక్కే. కాబా లోపలికి వెళ్లినవాళ్లు మాత్రం ఎటైనా తిరిగి చదవొచ్చు.

ఇంటి దగ్గర కిబ్లా మీరే తేల్చుకోవాలంటే ఒక ఉపాయం ఉంది. మే 28న మన టైము ప్రకారం మధ్యాహ్నం 2.48కి సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తిన ఉంటాడు. మేడ మీద నిటారుగా కర్ర పాతి, నీడ చివర నుంచి కర్ర మొదలు దాకా సుద్దముక్కతో గీత గీయండి. ఆ గీత కర్ర వైపు చూపించేదే కిబ్లా. జులై 16న 2.57కి కూడా ఇలాగే కుదురుతుంది గానీ, అప్పుడు మబ్బులు.

మీ దాదా