నల్లగొండలో సెప్టెంబర్ 17 సినిమా పేచీ: అసలు తగాదా ఆఖరి ముప్పావుగంట మీద

సెప్టెంబర్ దగ్గరపడింది. నల్లగొండలో మా చర్చా వేదిక, దాంతోపాటు వచ్చే ఒకటి రెండు హైస్కూళ్లు పిల్లలకు ఏ సినిమా చూపించాలన్న మాట మళ్లీ లేచింది. రాత్రికి రాత్రే నేపథ్యం రాసివ్వమన్నారు. నిజాం ఎవరు, రజాకార్లు ఏం చేశారు, వెట్టి అంటే ఏంది అనేవి ఈ జిల్లాలో ఎవరికీ చెప్పే పని లేదు. నేరుగా విషయంలోకి పోతాను.

బయటికి చూస్తే ఇది రెండు సినిమాల మధ్య పోటీ. ఒకటి తెలంగాణ సాయుధ పోరాటం మీద బి.నర్సింగరావు నిర్మించి, గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన పాత ‘మాభూమి’. రెండోది 2024 మార్చిలో వచ్చిన ‘రజాకార్’. నేను మాత్రం దీన్ని సినిమాల పోటీగా చూడను. పదేళ్ల కింద ఒక స్కూల్లో జరిగిన చిన్న పొరపాటు దగ్గరే ఈ గొడవంతా మొదలైందని నా నమ్మకం. ఆ రోజు నేనూ ఆ గదిలో ఉన్నాను.

తొమ్మిదో తరగతికి ‘మాభూమి’ చూపించారు. సినిమా రెండున్నర గంటలకు పైనే, పీరియడ్ చూస్తే నలభై అయిదు నిమిషాలు. పీరియడ్లు కలిపినా పూర్తి కాలేదు. జనం దొర గడీ మీదికి పోయే ఘట్టం దాటాక ఆపేశారు. మిగతాది వచ్చే వారం అన్నారు. ఆ వారం పరీక్షలొచ్చాయి, ఆ తర్వాత దసరా సెలవులు. మిగతాది ఎవరూ చూపించలేదు, ఎవరూ అడగలేదు.

సాంఘిక శాస్త్రం సార్ మాత్రం కాగితాలిచ్చి ఒక ప్రశ్న రాయించాడు: ‘చివరికి భూమి ఎవరికి దక్కింది?’ దాదాపు అందరూ ‘రైతులకు’ అని రాశారు. ఒక పిల్లగాడు మాత్రం అదే జవాబు రాసి, కింద పెన్సిల్‌తో ఇంకో వాక్యం చేర్చాడు: ‘మరి మా తాతకు ఎందుకు రాలే సార్?’

ఆ కాగితం సార్ దగ్గర ఇప్పటికీ ఉంది. రిటైరయ్యాక కూడా ప్రతి మీటింగ్‌కు ఫైల్లో పెట్టుకొస్తాడు. కొందరికి అది విసుగు. నాకైతే సినిమా ఎంపిక గురించి అంతకన్నా పనికొచ్చే ముక్క ఇంకొకటి కనబడలేదు.

ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు సినిమాలో చూపించకుండా వదిలేసిన భాగంలోనే మొదలవుతుంది. భారత సైన్యం వచ్చాక దొర ఊళ్లోకి తిరిగి రావడం, పోరాటం ఆగకుండా సాగడం, కథానాయకుడు రామయ్య చావు అన్నీ అక్కడే ఉన్నాయి. చరిత్రలోనూ అంతే. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. సాయుధ పోరాటాన్ని విరమించింది మాత్రం 1951 అక్టోబర్ 21న. నడుమ మూడేళ్లున్నాయి. జాగీర్లు రద్దయింది ఆ మూడేళ్లలోనే, 1949లో. రక్షిత కౌలుదార్లకు హక్కులు రాసిన హైదరాబాద్ కౌలు చట్టం వచ్చింది 1950లో. ఆ చట్టం కింద, భూమి కౌలుదారుకే సొంతమని ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ల తగాదాలతో తహసీల్ ఆఫీసు మెట్లెక్కే ముసలోళ్లు ఇప్పటికీ ఉన్నారు. పిల్లగాడి తాత కథ ఆ కాగితాల్లో ఎక్కడో ఉంటుంది. సినిమాను గడీ దగ్గర ఆపితే పిల్లలు అక్కడిదాకా పోనే పోరు.

అప్పటి నుంచి సార్ మాట ఒక్కటే. సినిమా పేరు చూసే ముందు, దాని కథ ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుందో కాగితం మీద రాయండి అంటాడు. ‘రజాకార్’ కథ భారత సైన్యం హైదరాబాద్ మీదికి వచ్చిన ఆపరేషన్ పోలోతో ముగింపుకొస్తుంది. సగంలో ఆపిన ‘మాభూమి’ అంతకన్నా ముందే ముగుస్తుంది. అంటే ఎదురెదురు రాజకీయాల సినిమాలు రెండూ క్లాసులో ఒకే అబద్ధం చెప్పే ప్రమాదం ఉంది: 17వ తేదీతో అంతా అయిపోయిందని.

ఇక ఆ తేదీకి ఏం పేరు పెట్టాలన్న గొడవ కూడా తోడైంది. 2022లో కేంద్రం విమోచన దినమంది, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంది, 2023 చివర్లో వచ్చిన ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినమంది. కమ్యూనిస్టులు తమ పేరుతో తాము జరుపుకుంటారు. హెడ్మాస్టర్ల టెన్షన్ అర్థం చేసుకోదగిందే. ఏ సినిమా వేసినా, ఏదో ఒక పేరు ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఆ ఆఖరి భాగం చూపొద్దనే అవతలి వాళ్ల వాదన కూడా చెప్పాలి. సైన్యం రైతుల మీద కాల్పులు జరపడం పద్నాలుగేళ్ల పిల్లలకు ఎందుకు చూపాలి, తల్లిదండ్రులొచ్చి అడిగితే ఎవరు జవాబు చెబుతారు అంటారు. పీరియడ్ల లెక్క కూడా నిజమే.

ఈ నడుమ ఇంకో తిరకాసు వచ్చింది. ఒకసారి ఎవరో ఆన్‌లైన్లో దొరికిన ‘మాభూమి’ కాపీని పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. అది పూర్తి సినిమా అన్నారు. దాన్ని తేల్చడానికి ఒక లెక్కుంది. పాత సినిమాల మొదట్లో కనబడే సెన్సార్ సర్టిఫికెట్ మీద నిడివి మీటర్లలో ఉంటుంది. 35 ఎం.ఎం. రీలు నిమిషానికి సుమారు 27.4 మీటర్లు నడుస్తుంది. మీటర్లను దాంతో భాగిస్తే నిమిషాలొస్తాయి. 4,000 మీటర్లుంటే దాదాపు 146 నిమిషాలు. కాపీ అయిదారు నిమిషాలు తక్కువుంటే కంగారు పడొద్దు, టీవీ కోసం సెకనుకు 25 ఫ్రేములకు మార్చినప్పుడు అంత తగ్గుతుంది. పావుగంట తగ్గిందంటే మాత్రం ఎవరో కోశారు. అదే సర్టిఫికెట్ మీద ‘ఎ’ అని ఉంటే హైస్కూల్ పిల్లల మాట అక్కడితో సరి.

హక్కుల సంగతి చాలామంది మరిచిపోతారు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం విద్యాసంస్థ తన కార్యక్రమాల్లో భాగంగా సినిమా వేయొచ్చు. చూసేవాళ్లు మాత్రం సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంస్థ పనులతో సంబంధమున్న వాళ్లే అయి ఉండాలి. మా చర్చా వేదికకు ఆ వెసులుబాటు లేదు. గ్రంథాలయం హాల్లో ఊరందరినీ పిలిచి వేస్తే, టికెట్ లేకపోయినా, హక్కుదారు అనుమతి కావాల్సిందే. అందుకే కార్యక్రమం స్కూల్లో, స్కూలు పేరుతోనే జరగాలని సార్ పట్టుబడుతున్నాడు. ఇందులో రాజకీయం ఏదో ఉందని అవతలి వాళ్ల అనుమానం. నాకైతే ఏమీ కనబడలేదు.

ఈసారి సార్ తెచ్చిన ప్రతిపాదన ఇది. సినిమాను తలకిందులుగా మొదలుపెడదాం. మొదటి రోజు ఆఖరి ముప్పావుగంట మాత్రమే వేయాలి. దొర ఎందుకు తిరిగొచ్చాడో, ఎవరి అండతో వచ్చాడో పిల్లలే అడుగుతారు. రెండో రోజు వాళ్ల ప్రశ్నలకు సరిపడే పాత సీన్లు పన్నెండు, పదిహేను నిమిషాల ముక్కలుగా చూపాలి. మూడో రోజు సినిమా ఉండదు, 1950 కౌలు చట్టంలో ఒక పేజీ, ఎవరింట్లోనైనా దొరికే పాత పహాణీ నకలు ముందు పెట్టాలి. కళ నాశనమవుతుందని ఒక కుర్ర లెక్చరర్ అన్నాడు. కళ కోసమైతే ఆదివారం ఇంట్లో మొత్తం చూసుకోమన్నాడు సార్.

నిర్ణయం ఇంకా కాలేదు. ఈ ఆదివారం సాయంత్రం నాలుగింటికి మళ్లీ కూర్చుంటారు. పెన్సిల్ రాతతో ఉన్న ఆ కాగితానికి జెరాక్సులు తీయించే పని నాకు అప్పజెప్పారు. రాత బాగా వెలిసిపోయింది, రెండు షాపుల్లో ప్రయత్నిస్తే పై జవాబు పడింది గానీ కింది లైను పడలేదు.