స్కూల్ ట్రిప్ ఫొటోలో డైనోసార్: నీడల మీద అపోహలు, వాస్తవాలు

ఫొటో ఎడిటింగ్ నా వృత్తి. మా అక్క టీచర్. ట్రిప్‌కి వెళ్లినప్పుడు చదునైన మైదానంలో 28 మంది పిల్లల్ని విడివిడిగా నిలబెట్టి, పొద్దున ఎండ తన వీపుకి తగిలేలా నిలబడి ఫోన్‌తో ఒక ఫొటో తీసింది. రెండు రోజుల తర్వాత అదే ఫొటోని ఒక ఏడో తరగతి పిల్లాడు చూపించాడు. కుడివైపు, పిల్లల వెనకాల, ఒక టి. రెక్స్ నిలబడి ఉంది.

డైనోసార్ ఉందంటే దొంగ ఫొటో అని ఎవరైనా చెప్తారు. అక్క మాత్రం తిట్టలేదు, "దీని నీడ పక్కకి పడిందేంట్రా?" అంది. వాడు ఎడమవైపుకి అడ్డంగా, మెత్తగా ఒక నీడ గీశాడు మరి.

అపోహ: ఒకే సూర్యుడు కాబట్టి ఫొటోలో నీడలన్నీ ఒకే దిక్కుకి సమాంతరంగా ఉండాలి.

పిల్లాడు తెలివైనవాడు, ఎదురు ప్రశ్న వేశాడు. "మరి అందరి నీడలూ తలోవైపు ఉన్నాయి కదా టీచర్! ఎడమ చివర అమ్మాయి నీడ కుడికి వాలింది, కుడి చివర వాడి నీడ ఎడమకి వాలింది. అసలు ఫొటో కూడా ఫేకేనా?"

అక్కకి జవాబు తోచక ఫొటో నాకు పంపింది. మా పనిలో కొత్తగా చేరినవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు. నేల మీద ఆ నీడలు నిజంగానే సమాంతరంగా ఉన్నాయి. రైలు పట్టాలు దూరంగా కలిసిపోయినట్టు కనిపిస్తాయే, అలాగే ఇవీ ఫొటోలో దగ్గరవుతాయి.

పరీక్ష తేలిక. ఫొటోని ప్రింట్ తీసి స్కేలు పెట్టాలి. ఒకరి తల మీద చుక్క, నేల మీద అదే తల నీడ మీద ఇంకో చుక్క పెట్టి, రెంటినీ కలిపే గీతని పొడిగించాలి. ఇలా నలుగురైదుగురికి గీస్తే గీతలన్నీ ఒక్కచోట కలుస్తాయి. సూర్యుడు ఎదురుగా ఉంటే అవి కలిసేది సూర్యుడి దగ్గర. ఒక్కోసారి ఆ చోటు ఫొటో అంచు దాటి బయట పడుతుంది, అందుకే పెద్ద కాగితం మీద అతికించి గీయడం మంచిది. సూర్యుడు వెనక ఉంటే కలిసేది ఫొటో తీసిన కెమెరా నీడ దగ్గర. అక్క ఫొటోలో కింద అంచున ఆవిడ నీడ, చేతిలో ఫోన్ నీడ పడ్డాయి. పిల్లల గీతలన్నీ సూటిగా ఆ ఫోన్ నీడకే వచ్చాయి. డైనోసార్ గీత ఒక్కటే ఎక్కడికో పోయింది.

మబ్బు పట్టిన రోజు ఈ పద్ధతి పనిచేయదు, గీయడానికి నీడే ఉండదు.

అపోహ: దూరంగా ఉన్నదాని సైజు మన ఇష్టం.

ఇది వాడి రెండో తప్పు. అక్క ఫోన్ పట్టుకున్న ఎత్తు దాదాపు 1.5 మీటర్లు. చదునైన నేల మీద ఎవరు ఎంత దూరంలో నిలబడినా, నేలా ఆకాశం కలిసే గీత వాళ్లని ఆ 1.5 మీటర్ల ఎత్తు దగ్గరే కోస్తుంది. పెద్ద టి. రెక్స్‌కి తుంటి ఎత్తే 4 మీటర్ల దాకా ఉంటుంది. అంటే ఆ గీత దాని కాళ్ల మీదుగా పోవాలి. వాడి ఫొటోలో మెడ మీదుగా పోయింది. అది టి. రెక్స్ కాదు, రెండు మీటర్ల బొమ్మ. నేల ఎగుడుదిగుడుగా ఉంటే మాత్రం ఈ లెక్క నమ్మకండి.

అపోహ: ఫైల్ వివరాలు చూస్తే దొరికిపోతుంది.

చాలా మెసేజింగ్ యాప్‌లు ఫొటో పంపేటప్పుడే కెమెరా, తేదీ వివరాలు తీసేస్తాయి. అవి లేనంత మాత్రాన ఫేక్ కాదు, ఉన్నంత మాత్రాన అసలుదీ కాదు, మార్చి రాయొచ్చు.

అపోహ: చెరిపేస్తే ఇక కనబడదు.

వారం తర్వాత వాడు మళ్లీ ఫొటో తెచ్చాడు. నేను అక్కతో చెప్పి పంపినవన్నీ సరిచేశాడు. గీత ఫోన్ నీడకే వచ్చింది, కాళ్లు పిల్లల తలలకంటే ఎత్తుగా ఉన్నాయి. నిజం చెప్పాలంటే నాకు తప్పేమీ కనిపించలేదు.

అక్కకి కనిపించింది. ట్రిప్‌లో బస్సు ఎక్కినప్పుడూ దిగినప్పుడూ తలలు లెక్కపెట్టే అలవాటు కదా, ఇక్కడా లెక్కపెట్టింది. 27. మళ్లీ లెక్కపెట్టినా 27. నేల మీద నీడలు మాత్రం, డైనోసార్‌ది వదిలేస్తే, 28. మనిషిని చెరిపినప్పుడు నీడని మర్చిపోవడం మా వృత్తిలో పాత జబ్బే. చెరిపేవాడి కళ్లు మనిషి మీదే ఉంటాయి, కాళ్ల దగ్గర మొదలై వెనక్కి పోయే నల్లటి చార మీద ఉండవు.

"ఎవర్ని తీసేశావురా?"

"నన్నే టీచర్. దాని కాలు పెట్టడానికి చోటు చాల్లేదు. వేరేవాళ్లని తీసేస్తే ఏడుస్తారు కదా."