దేవుడి పేరు చెప్పి కట్టిన నాటకశాల

క్రీ.పూ. అయిదో శతాబ్దపు ఏథెన్స్‌లో నాటకం చూడాలంటే పండగ దాకా ఆగాల్సిందే. వాటిలో పెద్దది మార్చి ప్రాంతంలో జరిగే డయోనిసస్ ఉత్సవం. ద్రాక్షసారాయి దేవుడైన డయోనిసస్ విగ్రహాన్ని ఊరేగించి, ఆయన కూడా చూడాలన్నట్టు నాటకశాలలోనే ఉంచేవాళ్లు. ముందు వరసలో నడిమి ఆసనం ఆయన పూజారిది.

అసలు మొదట ఉన్నది దేవుడి మీద బృందగానం. క్రీ.పూ. 534 ప్రాంతంలో థెస్పిస్ అనే ఆయన బృందం నుంచి విడిగా నిలబడి ఒక పాత్రగా మాట్లాడాడని గ్రీకులు చెప్పుకునేవాళ్లు. తర్వాతి నాటకకర్తల్లో ఈస్కిలస్ రెండో నటుణ్ని, సోఫొక్లిస్ మూడో నటుణ్ని చేర్చారు. ఇద్దరుంటేనే కదా వాదులాట! అలా పాట తగ్గి మాట పెరిగింది. నాటకకర్తలకు పోటీ ముందునుంచీ ఉండేది, బృందం ఖర్చు ఊళ్లోని ఒక ధనవంతుడి నెత్తిన పడేది. క్రీ.పూ. 449 నుంచి విషాద నాటకాల్లో మంచి నటుడికి విడిగా బహుమతి పెట్టారు. నా లెక్కలో అసలు మలుపు ఇదే. జనం నటుడి కోసం రావడం మొదలైందని ఆ బహుమతే చెబుతోంది.

రోమ్‌లో కథ వేరుగా మొదలైంది. క్రీ.పూ. 364లో మహమ్మారి తగ్గకపోతే, దేవతల్ని శాంతింపజేయడానికి రోమ్‌కు ఉత్తరాన ఉన్న ఎట్రూరియా ప్రాంతం నుంచి నర్తకుల్ని పిలిపించారని చరిత్రకారుడు లివీ రాశాడు. క్రీ.పూ. 240లో లివియస్ ఆండ్రోనికస్ గ్రీకు నాటకాన్ని లాటిన్‌లోకి తెచ్చి ఆడించాడు. ఉత్సవాలు నడిపే అధికారులే నాటకం కొనేవాళ్లు. జనాన్ని మెప్పిస్తే రేపు ఎన్నికల్లో పనికొస్తుందని వాళ్ల ఆశ. తంతులో ఎక్కడైనా తప్పు దొర్లితే ఉత్సవాన్ని మళ్లీ మొదటినుంచి చేయాలని నియమం. ఆ తప్పులు ఎంత తరచుగా దొరికేవో చూస్తే, జనానికి ఇంకోరోజు వినోదం కావాలనే వెతికారేమో అనిపిస్తుంది.

అయితే అక్కడ మిగతా వినోదాల నుంచి నాటకానికి పోటీ గట్టిదే. రోమన్ హాస్య నాటకకర్త టెరెన్స్ రాసిన ‘అత్తగారు’ నాటకం క్రీ.పూ. 165లో మధ్యలోనే ఆగిపోయింది. మల్లయోధులు, తాడు మీద నడిచేవాడు వస్తున్నారని గోల మొదలైంది. క్రీ.పూ. 160లో మళ్లీ వేస్తే, మొదటి భాగం బాగానే సాగాక గ్లాడియేటర్లు వస్తున్నారన్న పుకారుతో జనం తోసుకుంటూ వచ్చిపడ్డారు. అదే ఏడాది మూడోసారికి గానీ పూర్తిగా ఆడలేదు.

ఇన్నాళ్లూ ఆటలన్నీ పండగకు వేసి, అయిపోగానే పీకేసే చెక్క వేదికల మీదే. క్రీ.పూ. రెండో శతాబ్దం నడుమ రాతి నాటకశాల కట్టడం మొదలుపెడితే, జనం చెడిపోతారని సెనేట్ దాన్ని కూల్చేయించింది. క్రీ.పూ. 55లో రోమన్ సేనాని పాంపే రాతితోనే కట్టాడు, కానీ ప్రేక్షకుల మెట్ల వరసలకు పైన ప్రేమదేవత వీనస్ గుడి పెట్టాడు. ఇది గుడి, కింద ఉన్నవి దాని మెట్లు అని చెప్పుకున్నాడట.