నాలుగు జట్లు, మూడు షిఫ్టులు, ఆదివారం సెలవు

ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్‌ను శనివారం ఆపి సోమవారం మళ్లీ వెలిగించడం కుదరదు గనుక, వారంలోని 168 గంటలూ అక్కడ ఎవరో ఒకరు విధుల్లో ఉండాలి. ఆ గంటలను నాలుగు జట్లకు సమంగా పంచితే ఒక్కో జట్టుకు వారానికి సగటున 42 గంటలు వస్తాయి. షిఫ్టుల పట్టికను ఎంత నేర్పుగా వేసినా ఈ సగటు మారదు. వేసేవారి చేతిలో ఉన్నది పని, సెలవు ఏ వరుసలో రావాలన్నదే.

అన్నిటికంటే సరళమైన పట్టికలో ప్రతి జట్టూ రెండు రోజులు ఉదయం 6 గంటలకు మొదలయ్యే ఏ షిఫ్టు, రెండు రోజులు మధ్యాహ్నం 2 గంటల బీ షిఫ్టు, రెండు రోజులు రాత్రి 10 గంటల సీ షిఫ్టు చేసి, ఆపైన రెండు రోజులు సెలవులో ఉంటుంది. ఈ ఎనిమిది రోజుల చక్రాన్ని నాలుగు జట్లూ రెండేసి రోజుల తేడాతో మొదలుపెడితే ఏ షిఫ్టూ ఖాళీగా ఉండదు. ఏ ఏడు రోజులను తీసుకున్నా ఒక జట్టుకు ఆరు షిఫ్టులకు, అంటే 48 గంటలకు మించి పని పడదు. మన కర్మాగారాలకు చట్టం పెట్టిన వారపు పరిమితి కూడా అదే. అయితే సెలవుగా రాసిన మొదటి రోజు ఉదయం 6 దాకా ఆ జట్టు సీ షిఫ్టులోనే ఉంటుంది కాబట్టి, ఆ పగలు చాలావరకు నిద్రకే పోతుంది.

ఈ వరుసను తిరగేసి సీ, బీ, ఏ అని నడిపినా లెక్క సరిపోతుంది, మనిషికే సరిపోదు. రాత్రి 10 గంటలకు బీ షిఫ్టు దిగినవారు మర్నాడు ఉదయం 6 గంటలకే ఏ షిఫ్టుకు రావాలి. ఆ ఎనిమిది గంటల్లోనే ప్రయాణం, భోజనం, నిద్ర అన్నీ ముగియాలి. ముందుకు తిరిగే వరుసలో షిఫ్టు మారినప్పుడల్లా 24 గంటల విరామం దొరుకుతుంది. పైగా చాలామందిలో శరీర గడియారం 24 గంటల కంటే కొంచెం నెమ్మదిగా నడుస్తుంది కనుక, నిద్రవేళను ముందుకు జరుపుకోవడం కంటే ఆలస్యం చేసుకోవడమే తేలిక.

ఎనిమిది రోజుల చక్రానికి, ఏడు రోజుల వారానికి పొత్తు కుదరదు. వరుసగా రెండు ఆదివారాలు సెలవు వచ్చాక, తర్వాతి ఆరు ఆదివారాలూ పనిలోనే గడుస్తాయి. దీన్ని సరిచేయడానికి కొన్నిచోట్ల 2-2-3 పద్ధతి వాడతారు: సోమ, మంగళవారాలు ఒక షిఫ్టు, బుధ, గురువారాలు మరొకటి, శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఇంకొకటి, ఆ తర్వాతి వంతు సెలవు, మళ్లీ మొదటి షిఫ్టు. ఇందులో 28 రోజులకు ఒకసారి శుక్ర, శని, ఆదివారాలు మూడూ సెలవుగా వస్తాయి. ఎనిమిది వారాల్లో సెలవు ఆదివారాలు ఇక్కడా రెండే, కాకపోతే నాలుగు వారాల ఎడంతో వస్తాయి.

ఆ సౌకర్యానికి మూల్యం ఉంది. ప్రతి సెలవుకూ ముందు ఏడు షిఫ్టులు వరుసగా చేయాలి. నాలుగు వారాల గంటలు 56, 40, 40, 32గా పడతాయి. సగటు 42 కాబట్టి అంతా సవ్యంగానే కనిపిస్తుంది గానీ, మొదటి వారం 48 గంటల గీత దాటిపోయింది. కొలిమి వేడిలో చేసే పనికైతే నేను ఎనిమిది రోజుల చక్రాన్నే ఎంచుకుంటాను.

ఏ పట్టిక వేసినా రిలీవర్లను విడిగా పెట్టుకోవాలి. పది స్థానాలకు నాలుగు జట్లంటే 40 మంది. వారిలో సగటున పదోవంతు సెలవులో ఉంటారనుకుంటే 45 మంది కావాలి. లేకపోతే రానివారి బదులు అప్పటికే ఎనిమిది గంటలు పనిచేసిన మనిషే మరో ఎనిమిది గంటలు నిలబడాల్సి వస్తుంది.